కాఫీ వాసన అంత కమ్మగా ఉంటుంది, తాగితే అంత ఉండదు. ఎందుకని?

శ్రీలత_విశాఖ (శనివారం, ఉదయం 7:40)

ఇది చిన్నప్పటి నుంచి ఉన్న సందేహం. మా ఇంట్లో ఫిల్టర్ కాఫీయే తాగుతాం. పొడి డబ్బా మూత తీయగానే వచ్చే వాసనకి ప్రాణం లేచి వస్తుంది. పొడి మీద మరిగిన నీళ్లు పోసినప్పుడు ఇల్లంతా నిండిపోతుంది. తీరా గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని గుటక వేస్తే చేదు, కాస్త వగరు, పాల తీపి. బాగానే ఉంటుంది, రోజూ తాగుతాను కూడా. కానీ డబ్బాలో వచ్చిన వాసనలో సగమైనా నోట్లోకి రాదు.

నేను చేసే పద్ధతి కూడా చెబుతాను. రాత్రి పడుకునే ముందు ఫిల్టర్ పై గిన్నెలో నాలుగు చెంచాల పొడి వేసి, బిళ్లతో మెల్లగా అదిమి, మరిగిన నీళ్లు పోసి మూత పెడతాను. పొద్దున్న ఆరింటికి కింద దిగిన డికాక్షన్ వేడి చేసి పాలు కలుపుతాను. పొడిలో 80 శాతం కాఫీ, 20 శాతం చికోరీ. తప్పు నా చేతిలో ఉందా, లేక కాఫీ స్వభావమే అంతా? తెలిసినవాళ్లు చెప్పండి.

వెంకట్_హైదరాబాద్ (ఉదయం 8:05)

చేదు ఎక్కువైతే చికోరీ లేని పొడి తెచ్చుకోండి మేడమ్. చక్కెర బదులు బెల్లం వేసి చూడండి. డికాక్షన్‌లో చిటికెడు ఉప్పు వేసినా చేదు తగ్గుతుంది, మా అమ్మ అలాగే చేసేది.

శ్రీలత_విశాఖ (ఉదయం 8:12)

వెంకట్ గారూ, చేదు తగ్గించడం గురించి కాదండీ నేను అడిగింది. నాకు చేదు ఇబ్బంది లేదు. వాసనలో ఉన్నది నోట్లో ఎందుకు లేదు అని అడుగుతున్నాను.

రఘురామ్_రిటైర్డ్ (ఉదయం 8:50)

దీనికి సమాధానం తేలికే. కాఫీలో చేదంతా కెఫీన్ వల్ల వస్తుంది. కెఫీన్‌కి వాసన లేదు. ముక్కుకి కమ్మటి వాసన మాత్రమే అందుతుంది, నాలుకకి కెఫీన్ తగులుతుంది. అందుకే తేడా. కెఫీన్ తీసేసిన కాఫీ తాగితే వాసన ఎలా ఉందో రుచీ అలాగే ఉండాలి.

అనిల్_డాలస్ (ఉదయం 9:20)

రఘురామ్ గారూ, నేను రాత్రిపూట కెఫీన్ లేని కాఫీయే తాగుతాను, పాలు కలపకుండా. అది కూడా చేదుగానే ఉంటుందండీ. మామూలు కాఫీ కన్నా కొంచెం తక్కువేమో. కాబట్టి లెక్క కుదరడం లేదు.

ప్రసాద్_కప్పింగ్ (ఉదయం 10:35)

నేను కాఫీ గింజలు వేయించే యూనిట్‌లో పదకొండేళ్లుగా కప్పింగ్ చేస్తున్నాను. అంటే వచ్చిన ప్రతి లాట్‌నీ వాసన చూసి, రుచి చూసి మార్కులు వేసే పని. శ్రీలత గారి ప్రశ్న మా టేబుల్ మీద రోజూ ఉండేదే, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు రఘురామ్ గారి మాట. కెఫీన్‌కి వాసన లేదన్నది నిజం. చేదుని ముక్కు పట్టుకోలేదన్నదీ నిజం, చేదు పూర్తిగా నాలుక వ్యవహారం. కానీ కాఫీ చేదులో కెఫీన్ వంతు చాలా తక్కువ, పదో వంతుకి అటూ ఇటూ అంటారు. మిగతాది వేయించినప్పుడు పుడుతుంది. పచ్చి గింజలో ఉండే క్లోరోజెనిక్ ఆమ్లాలు వేడికి లాక్టోన్లుగా మారతాయి, మామూలుగా వేయించిన కాఫీలో చేదు ఎక్కువగా వాటిదే. ఇంకా నల్లగా వేయిస్తే అవి విరిగి ఫినైల్ ఇండేన్లు అనేవి వస్తాయి. నాలుకని పట్టుకుని వదలని మొరటు చేదు వాటిది. అనిల్ గారు చెప్పినట్టు కెఫీన్ తీసేసినా ఇవన్నీ కప్పులోనే ఉంటాయి.

అసలు విషయం ఇప్పుడు. ముక్కులోకి వాసన వెళ్లడానికి రెండు దారులున్నాయి. ఒకటి ముందు దారి, ముక్కుపుటాల్లోంచి పీల్చడం. రెండోది వెనుక దారి. నోట్లో ఉన్నదాని ఆవిరి గొంతు వెనక నుంచి, కొండనాలుక పైగా, ముక్కు లోపలికి ఎక్కుతుంది. రెండు దారులూ చేరేది ముక్కు పైభాగంలో ఉన్న ఒకే పొర దగ్గరికి. అయినా మనకి ఆ రెండూ ఒకలా అనిపించవు. ముందు నుంచి వచ్చినది "వాసన" అంటాం. వెనుక నుంచి వచ్చినది నోట్లోనే ఉన్నట్టు అనిపించి "రుచి" అంటాం. జలుబు చేస్తే పప్పు చప్పగా అనిపించేది ఈ వెనుక దారి మూసుకుపోవడం వల్లే. ఉప్పు, పులుపు అప్పుడు కూడా తెలుస్తూనే ఉంటాయి గమనించండి.

ఒకే వాసన రెండు దారుల్లో వేరువేరుగా తోస్తుందని అమెరికాలో పాల్ రోజిన్ అనే మానసిక శాస్త్రవేత్త 1982లోనే రాశాడు. ముక్కుతో చూసి నేర్చుకున్న వాసనల్ని నోటి ద్వారా ఇస్తే జనం గుర్తుపట్టడంలో తడబడ్డారు. మన దగ్గర ఎండు చేపలు చూడండి. వేయిస్తుంటే కొంతమంది ఇంట్లోంచి బయటికి వెళ్లిపోతారు, అదే పులుసు పెడితే ఇంకో ముద్ద అడుగుతారు. కాఫీ దానికి సరిగ్గా ఎదురు.

సుజాత_నెల్లూరు (ఉదయం 11:10)

ప్రసాద్ గారూ, నా అనుభవం చెప్పాలనిపించింది. 2021లో కోవిడ్ వచ్చాక రెండు నెలలు వాసన తెలియలేదు. తిరిగి వచ్చేటప్పుడు కాఫీ వాసన భరించలేకపోయాను. కాలిన రబ్బరూ, మురుగూ కలిపినట్టు ఉండేది. ఇరవై ఏళ్లుగా పొద్దున్నే కాఫీ లేకుండా ఉండని మనిషిని, ఏడు నెలలు టీ కూడా మానేసి పాలే తాగాను. అప్పుడు తెలిసింది, నేను ఇష్టపడింది నాలుకతో కాదు అని. ఇప్పటికీ పూర్తిగా పాత కాఫీలా లేదు. ఉల్లిపాయలు వేయించినా అదే కంపు వచ్చేది. కాఫీకీ ఉల్లిపాయకీ ఏం సంబంధమో మా డాక్టర్ గారు కూడా చెప్పలేదు.

ప్రసాద్_కప్పింగ్ (ఉదయం 11:55)

సుజాత గారూ, చాలా కష్టపడ్డారు. సంబంధం ఉందండీ, అది శ్రీలత గారి ప్రశ్నకీ పనికొస్తుంది.

వేయించిన కాఫీలో ఆవిరయ్యే పదార్థాలు వందల్లో ఉన్నా, కాఫీకి కాఫీ వాసన ఇచ్చేవి పాతిక, ముప్పై మాత్రమే. అందులో ముఖ్యమైనది ఫర్ఫ్యూరిల్ థయాల్, గంధకం ఉన్న పదార్థం. స్విట్జర్లాండ్‌లో రైష్‌టైన్, స్టౌడింగర్ అనే ఇద్దరు 1920లలో దీన్ని కాఫీలో పట్టుకున్నారు. ఇద్దరికీ తర్వాత వేరే పనులకి నోబెల్ వచ్చింది. లీటరు నీళ్లలో గ్రాములో పది కోట్లవ వంతు ఉన్నా ముక్కు పట్టేస్తుంది. అంత పలచగా ఉంటే వేయించిన కాఫీ, చిక్కగా ఉంటే గంధకపు కంపు. కోవిడ్ తర్వాత వాసనలు వికటించినవాళ్లకి కాఫీలోని ఏ పదార్థం తగిలితే ఆ కంపు వస్తోందో ఇంగ్లండ్‌లోని రీడింగ్ యూనివర్సిటీ వాళ్లు ఒక్కొక్కటిగా విడదీసి చూపించి కనుక్కున్నారు. ఎక్కువమందికి తగిలింది ఈ థయాలే. ఉల్లిలో కూడా గంధకం ఉన్న పదార్థాలే ఘాటు. మీ రెండు కంపులూ ఒక కుటుంబానివే.

ఇప్పుడు శ్రీలత గారి రాత్రి డికాక్షన్. ఈ థయాల్ నిలవదు. కాఫీకి నల్ల రంగునిచ్చే మెలనాయిడిన్లు డికాక్షన్‌లోనే ఉంటాయి కదా, అవి దీన్ని పట్టేసుకుంటాయి. పట్టుకున్నాక అది మళ్లీ ఆవిరై పైకి రాదు. వేడిగా ఉంటే ఇంకా త్వరగా జరుగుతుంది. రాత్రి తొమ్మిదికి దిగిన డికాక్షన్‌లో పొద్దున్నకి మిగిలేది తక్కువ, మళ్లీ స్టవ్ మీద పెడితే ఆ కాస్తా పోతుంది. చేదుకి మాత్రం ఏమీ కాదు, అది ఎగిరిపోయే రకం కాదు. వాసన పోయింది, చేదు ఉంది. మీ గ్లాసులో జరుగుతున్నది కొంతవరకు ఇదే అని నా అనుమానం.

రఘురామ్_రిటైర్డ్ (మధ్యాహ్నం 12:30)

కెఫీన్ విషయంలో పొరబడ్డాను, ఒప్పుకుంటున్నాను. కానీ ఒక అడ్డు ప్రశ్న. మా అమ్మగారు కూడా రాత్రే డికాక్షన్ వేసేవారు. ఆ కాఫీ గురించి వీధంతా చెప్పుకునేది. వాసన పోయిన కాఫీని అంతమంది ఎలా మెచ్చుకున్నారు?

ప్రసాద్_కప్పింగ్ (మధ్యాహ్నం 12:48)

గింజలు ఇంట్లో వేయించి, చేతి మరలో ఆడించేవారా? అయితే మొదట్లో ఉన్న వాసనే చాలా ఎక్కువ. ఆడించి నెల దాటిన పొడితో పోలిస్తే, పోగా మిగిలింది కూడా ఎక్కువే ఉండి ఉంటుంది. చిక్కటి గేదె పాల సంగతి కూడా ఉంది. అంతకుమించి మీ అమ్మగారి కాఫీ గురించి నేను చెప్పలేను.

శ్రీలత_విశాఖ (మధ్యాహ్నం 1:15)

ప్రసాద్ గారూ, ఇది ఇంట్లో పరీక్షించి చూడొచ్చా? "పాతది బాగోదు" అని ముందే మనసులో పెట్టుకుంటే నాకు అలాగే అనిపిస్తుందని భయం.

ప్రసాద్_కప్పింగ్ (మధ్యాహ్నం 1:40)

చూడొచ్చు. మేం చేసే పద్ధతే చెబుతాను. మూడు కప్పులు పెట్టాలి. రెండింట్లో ఒకే డికాక్షన్, ఒకదాంట్లో వేరేది. ఏది ఏదో మీకు తెలియకూడదు, ఇంకొకరు పోసి తేవాలి. వేరుగా ఉన్న కప్పు ఏదో మీరు చెప్పాలి. ఊరికే గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది, కాబట్టి కనీసం ఆరుసార్లు చేయండి. మొదట ముక్కు మూసుకుని ఆరుసార్లు, తర్వాత ముక్కు తెరిచి ఆరుసార్లు. పాలు, చక్కెర వద్దు. రెండు డికాక్షన్లూ ఒకే పొడి, ఒకే కొలత. కప్పుల్లో వేడి కూడా ఒకేలా ఉండాలి, లేకపోతే మీరు వేడిని బట్టి చెప్పేస్తారు. ముక్కుని వేళ్లతో మూస్తే గుటక వేసేటప్పుడు వదులైపోతుంది, ఈతకి వాడే ముక్కు క్లిప్పు దొరికితే మంచిది. గుటక వేశాక నోరు కడుక్కునేదాకా క్లిప్పు తీయకండి. తీసిన క్షణంలో వాసన లోపలికి దూకి మొత్తం చెప్పేస్తుంది.

అనిల్_డాలస్ (రాత్రి 8:30)

ఈలోగా నా మాట. ఇక్కడ నేను తాగేది లేతగా వేయించిన అరకు అరబికా. గింజలు అప్పటికప్పుడు ఆడించుకుంటాను. నాకు వాసనకీ రుచికీ అంత దూరం అనిపించదు. మన ఫిల్టర్ కాఫీలో ముదురు వేపుడు, చికోరీ, పాలు మూడూ కలిసి వాసనని చంపేస్తున్నాయని నా అభిప్రాయం. చికోరీ వేరుకి కాఫీ వాసన లేదు, చేదు మాత్రం ఉంది. పాల కొవ్వు వాసనల్ని తనలో కరిగించుకుని పైకి రానివ్వదు.

సుజాత_నెల్లూరు (రాత్రి 9:05)

అనిల్ గారూ, చికోరీ మీద నింద వేయకండి. అది ఇచ్చే చిక్కదనం, మాడిన చక్కెర లాంటి వాసన లేకపోతే మాకు అది కాఫీయే కాదు. ముక్కు దెబ్బతిన్న రోజుల్లో నేను మొదట తాగగలిగింది చికోరీ సగం ఉన్న పొడే.

ప్రసాద్_కప్పింగ్ (రాత్రి 9:40)

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. సుజాత గారు చెప్పినదానికి కారణం కూడా ఊహించొచ్చు, చికోరీ సగం ఉంటే ఆ థయాల్ కూడా దాదాపు సగమే కదా. పాల గురించి అనిల్ గారు చెప్పింది సగం కథ. కొవ్వు కొంత వాసనని పట్టి ఉంచుతుంది, నిజమే. కానీ పాలలో ఉన్న ప్రోటీన్ వగరునీ చేదునీ కూడా పట్టుకుంటుంది. రెండు వైపులా తగ్గుతాయి. ఏది ఎంత తగ్గిందో మీ పాలు, మీ పొడి బట్టి ఉంటుంది.

ఇంకొక సంగతి చెప్పాలి. నోట్లో కాఫీ ఉన్నంతసేపు వాసన వస్తూనే ఉంటుందనుకుంటాం. అలా కాదు. ద్రవం నోట్లో ఉంటే నాలుక వెనుక భాగం, మెత్తటి అంగిలి ఒకదానికొకటి ఆనుకుని దారి మూసేస్తాయి, లేకపోతే పొలమారుతుంది. గుటక దిగాక వదిలే ఊపిరిలోనే వాసన ముక్కులోకి ఎక్కుతుంది. చేదేమో నాలుకకి తగిలిన క్షణం నుంచి ఉంటుంది, గుటక దిగాక కూడా ఉంటుంది. డబ్బా దగ్గర మీరు గుండె నిండా పీల్చినంత సేపూ వాసనే. నోట్లో వాసనకి దొరికేది గుటక వెనక ఒక ఊపిరి. అందుకే మేం కప్పింగ్‌లో చెంచాతో పెద్ద చప్పుడు చేస్తూ జుర్రుతాం. కాఫీ తుంపర్లుగా నోరంతా చిమ్ముతుంది, ఆవిరి వెనుక దారికి చేరుతుంది. కొత్తగా చేరినవాళ్లు ఆ చప్పుడుకి మొహమాటపడి మెల్లగా తాగుతారు, వాళ్ల మార్కులన్నీ పులుపు, చేదు దగ్గరే ఆగిపోతాయి.

మా మార్కుల కాగితంలో కూడా వాసనకి ఒక గడి, నోటి రుచికి వేరే గడి ఉంటాయి. 8.25 గ్రాముల పొడికి 150 మిల్లీలీటర్ల నీళ్లు, 93 డిగ్రీల దగ్గర పోస్తాం. పొడిగా ఉన్నప్పుడు ఒకసారి వాసన చూస్తాం, నీళ్లు పోసిన నాలుగు నిమిషాలకి పైన కట్టిన తెట్టుని చెంచాతో విరిచి ఇంకోసారి చూస్తాం. జుర్రడం ఆ తర్వాతే. వాసనకి మంచి మార్కులు తెచ్చుకుని రుచిలో పడిపోయే లాట్లు నాకు వారానికి ఒకటైనా తగులుతాయి. తిరగబడిన కేసులు అరుదు.

శ్రీలత_విశాఖ (ఆదివారం, సాయంత్రం 5:20)

చేశాను! మా ఆయన పోసి తెచ్చారు, మా అబ్బాయి ఈత క్లిప్పు ఇచ్చాడు. శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి ఒక ఫిల్టర్, ఆదివారం ఉదయం ఎనిమిదికి రెండో ఫిల్టర్ వేశాం. ఒకే పొడి, నాలుగేసి చెంచాలు, ఒకే కొలత నీళ్లు. కప్పుకి 20 మిల్లీలీటర్ల డికాక్షన్, 60 మిల్లీలీటర్ల వేడి నీళ్లు. రాత్రిది స్టవ్ మీద వేడి చేశాం, రోజూ చేసినట్టే. వంటింటి థర్మామీటర్‌తో చూసి రెండూ 60 డిగ్రీల దగ్గరికి వచ్చాకే నాకు ఇచ్చారు.

క్లిప్పు పెట్టుకుని ఆరుసార్లలో రెండు సరిగ్గా చెప్పాను. అంటే గుడ్డిగా చెప్పినట్టే. మూడు కప్పులూ ఒకే చేదు నీళ్లు, చివర్లో కాస్త పులుపు. కాఫీ అని కూడా అనిపించలేదు, ఏదో కషాయం తాగుతున్నట్టు ఉంది. క్లిప్పు తీసి చేస్తే ఆరుకి ఆరు సరైనవి! తాజాదాంట్లో గుటక దిగిన తర్వాత వేయించిన వేరుశనగ లాంటి కమ్మదనం పైకి వచ్చింది. రాత్రిదాంట్లో ఆ చోటు ఖాళీ. చేదు మాత్రం రెండింట్లోనూ ఒకటే.

అన్నిటికన్నా ఆశ్చర్యం వేసింది ఒక విషయానికి. ఒకసారి తాజా కాఫీ గుటక వేసి, నోరు కడుక్కోవడం మరిచిపోయి క్లిప్పు తీసేశాను. అప్పటిదాకా కషాయంలా ఉన్న నోరు ఒక్కసారిగా కాఫీ అయిపోయింది. ప్రసాద్ గారు వద్దన్నది ఎందుకో అర్థమైంది.

రఘురామ్_రిటైర్డ్ (సాయంత్రం 6:00)

ఆరుకి ఆరు అదృష్టంతో వచ్చే అవకాశం 729లో ఒకటి. కాబట్టి ముక్కు తెరిచినప్పటి ఫలితం గట్టిదే. రెండు బై ఆరు మాత్రం "తేడా లేదు" అని నిరూపించదమ్మా. చిన్న తేడా ఉండి ఆరుసార్లలో దొరకకపోయి ఉండొచ్చు.

ప్రసాద్_కప్పింగ్ (సాయంత్రం 6:45)

రఘురామ్ గారు చెప్పింది సబబు. నిజానికి డికాక్షన్‌ని గంటల తరబడి వేడిగా ఉంచితే పులుపు పెరుగుతుంది, అప్పుడు ముక్కు మూసుకున్నా తేడా దొరుకుతుంది. హోటళ్లలో పొద్దుటి నుంచి స్టవ్ మీదే ఉండే డికాక్షన్‌ది ఆ పులుపే. మీది రాత్రంతా చల్లగా ఉండి ఒక్కసారే వేడెక్కింది కాబట్టి ఎక్కువ నష్టం వాసనకే జరిగినట్టుంది.

శ్రీలత_విశాఖ (సాయంత్రం 7:10)

నాకు ఇంకా మిగిలిన సందేహం ఇది. తాజా డికాక్షన్ చాలా బాగుంది, ఒప్పుకుంటాను. అయినా పొడి డబ్బా వాసనకి అది అందుకోలేదు. థయాల్ పోకముందే తాగినా ఎందుకు అందుకోలేదు?

ప్రసాద్_కప్పింగ్ (రాత్రి 8:15)

కొంత చెప్పగలను. పొడి మీద గాలిలోకి లేచే మిశ్రమం వేరు, డికాక్షన్ నుంచి నోట్లో లేచే మిశ్రమం వేరు. తేలిగ్గా ఎగిరేవి డబ్బా తీసినప్పుడే, నీళ్లు పోసినప్పుడే గదిలోకి వెళ్లిపోతాయి. ఇల్లంతా నిండిన ఆ వాసన గ్లాసులోకి రావాల్సింది, రాలేదు. మిగిలినదానిలో నూనె గుణం ఉన్నవి చాలావరకు పిప్పిలోనే ఆగిపోతాయి. వాడేసిన పిప్పిని వాసన చూడండి, ఇంకా ఎంత ఉందో తెలుస్తుంది. నోట్లోకి వచ్చాక లాలాజలం పలచన చేస్తుంది, పైగా చేదు వచ్చి పక్కన కూర్చుంటుంది.

అవన్నీ లెక్కలోకి తీసుకున్నా కొంత మిగులుతుంది. 2005లో డానా స్మాల్ అనే శాస్త్రవేత్త బృందం మనుషుల ముక్కులో రెండు సన్నటి గొట్టాలు పెట్టింది, ఒకటి ముందు, ఒకటి వెనుక గొంతు దగ్గర. అదే చాక్లెట్ వాసనని ఒక్కోసారి ఒక్కో గొట్టంలో పంపి మెదడుని స్కాన్ చేస్తే, దారిని బట్టి మెదడు స్పందన మారింది. ముందు దారిలో వచ్చేది "తిండి ఎక్కడో ఉంది" అన్న కబురు, వెనుక దారిలో వచ్చేది "తిండి నోట్లో ఉంది" అన్న కబురు అని వాళ్లు అర్థం చేసుకున్నారు. కాఫీ విషయంలో ఆ తేడా ఎంత, చేదు వంతు ఎంత అని విడదీసి చెప్పడం నా వల్ల కాదు.

అనిల్_డాలస్ (రాత్రి 8:50)

నేను ఒప్పుకోను ప్రసాద్ గారూ. గింజ మంచిదై, లేతగా వేయిస్తే ఆ మిగిలేది దాదాపు ఉండదు. శ్రీలత గారు చికోరీ లేకుండా, అరకు గింజలతో ఇదే పరీక్ష చేయాలి.

ప్రసాద్_కప్పింగ్ (రాత్రి 9:05)

అరకు లాట్లు నా టేబుల్ మీదికి వస్తుంటాయి అనిల్ గారూ. లేత వేపుడులో చేదు తగ్గి దూరం తగ్గుతుంది, నిజమే. నా మార్కుల కాగితాల్లో అది సున్నా అయిన లాట్ ఇంతవరకు లేదు.

సుజాత_నెల్లూరు (రాత్రి 9:30)

శ్రీలత గారూ, ఆ క్లిప్పు పరీక్ష నేనూ చేద్దామనుకుంటున్నాను. నాకు ముందు దారి ఎంత తిరిగి వచ్చిందో, వెనుక దారి ఎంత వచ్చిందో తెలుసుకోవాలని ఉంది. డబ్బా వాసన ఇప్పుడు బాగానే తెలుస్తోంది. గుటక వేశాకే ఇంకా ఏదో తేడా.

శ్రీలత_విశాఖ (రాత్రి 9:42)

చేయండి సుజాత గారూ, ఫలితం ఇక్కడే రాయండి. నేను వచ్చే ఆదివారం అరకు గింజలు ఆడించుకుని చేస్తాను. ఈ వారం మాత్రం రాత్రి ఫిల్టర్ మానేస్తాను. పొద్దున్న అయిదున్నరకి లేచి వేస్తాను, పావుగంటలో మొదటి గ్లాసుకి సరిపడా దిగుతుంది. దాన్ని మళ్లీ వేడి చేయకుండా, పాలనే బాగా కాచి కలుపుతాను.